సోడియం థయోసల్ఫేట్–ఆమ్లం ప్రయోగం: ఇంటూ గుర్తు మాయమయ్యే సమయంతో ల్యాబ్ రిపోర్ట్ రాయడం ఎలా?

తెల్ల కాగితం మీద నల్లటి ఇంటూ గుర్తు గీసి, దాని మీద కోనికల్ ఫ్లాస్క్ పెట్టి, సోడియం థయోసల్ఫేట్ ద్రావణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తాం. కాసేపు ఏమీ జరగదు. తర్వాత ద్రావణం పాలలా మసకగా మారి, లేత పసుపు రంగుకు తిరిగి, చివరికి కింద ఉన్న గుర్తు కనిపించకుండా పోతుంది. అప్పటిదాకా పట్టిన సమయమే మనం కొలిచేది. ప్రయోగం చేయడం తేలికే. రిపోర్ట్ రాసేటప్పుడే చాలామంది తడబడతారు. ఆ గుర్తు మాయమవడం అంటే అసలు ఏం కొలిచినట్టు అన్నది మొదట తేల్చుకోకపోవడమే దానికి కారణం. నేను రికార్డులు దిద్దేటప్పుడు ముందుగా చూసేది కూడా అదే.

కాబట్టి మనమూ అక్కడే మొదలుపెడదాం.

గుర్తు మాయమైంది అంటే ఏం జరిగినట్టు?

ఫ్లాస్క్‌లో జరిగే చర్య ఇది:

Na₂S₂O₃ + 2HCl → 2NaCl + H₂O + SO₂ + S

కుడివైపు ఉన్నవాటిలో నీటిలో కరగనిది గంధకం ఒక్కటే. అది చాలా సన్నని రేణువులుగా విడిపోయి ద్రావణమంతా తేలుతూ కాంతిని చెదరగొడుతుంది. రేణువులు పెరిగేకొద్దీ మబ్బు చిక్కబడుతుంది. పైనుంచి చూసే మన కంటికీ కింద ఉన్న గుర్తుకూ మధ్య తగినంత గంధకం చేరగానే గుర్తు కనిపించదు.

ఇక్కడ పట్టుకోవాల్సిన మాట "తగినంత". ఫ్లాస్క్ అదే, ద్రావణం లోతు అదే, గుర్తు అదే, చూసే కన్ను అదే అయితే, ప్రతిసారీ గుర్తును కప్పడానికి కావలసిన గంధకం ఇంచుమించు ఒకటే. అంతే గంధకం 24 సెకన్లలో తయారైతే చర్య వేగంగా జరిగినట్టు, 138 సెకన్లు పడితే నెమ్మదిగా జరిగినట్టు. అందుకే సమయాన్ని తిరగేసి 1/t రాసుకుంటే, అది చర్యా వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అది వేగం కాదు, వేగానికి కొలమానం. రిపోర్ట్‌లో "చర్యా వేగం = 1/t" అని రాయకండి. "1/t ని సాపేక్ష వేగంగా తీసుకున్నాను, ఎందుకంటే ప్రతిసారీ ఒకే మొత్తంలో గంధకం ఏర్పడే వరకు సమయం కొలిచాను" అని రాయండి. ఈ ఒక్క వాక్యం ఉన్న రిపోర్ట్ వేరుగా కనిపిస్తుంది.

ప్రయోగంలో పాటించే జాగ్రత్తలు చాలావరకు ఈ వాక్యం నిజమయ్యేలా చూసుకోవడానికే.

ద్రావణాలు సిద్ధం చేసుకోవడం

0.15 మోలార్ థయోసల్ఫేట్ ఈ ప్రయోగానికి చక్కగా సరిపోతుంది. దొరికే స్ఫటికాలు సాధారణంగా అయిదు నీటి అణువులతో ఉంటాయి, Na₂S₂O₃·5H₂O. దీని మోలార్ ద్రవ్యరాశి 248. 250 మి.లీ. కావాలంటే 0.15 × 0.250 × 248 = 9.3 గ్రాములు తూచి, కొంచెం నీటిలో కరిగించి, మొత్తం 250 మి.లీ. చేయాలి. స్ఫటిక నీటిని మరిచిపోయి 158 తో లెక్కిస్తే ద్రావణం అనుకున్నదానికంటే మూడోవంతుకు పైగా పలచనవుతుంది. కాబట్టి సీసా మీద లేబుల్ చూశాకే లెక్కకు దిగండి. ఆమ్లం 2 మోలార్‌ది చాలు, ఒక్కోసారికి 5 మి.లీ. పోస్తాం.

మెజరింగ్ సిలిండర్లు ఆమ్లానికి ఒకటి, థయోసల్ఫేట్‌కు ఒకటి, నీటికి ఒకటి విడివిడిగా ఉండాలి. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒకే సిలిండర్‌తో మూడూ కొలిచాను. అందులో మిగిలిన ఆమ్లపు చుక్కలు థయోసల్ఫేట్‌తో ముందే కలిశాయి. నేను స్టాప్‌వాచ్ నొక్కేలోపే ద్రావణం మసకబారింది. ఆ రోజు అంకెలన్నీ వృథా అయ్యాయి.

మొదటి భాగం: గాఢత మార్చడం

థయోసల్ఫేట్ పరిమాణం తగ్గించినప్పుడల్లా అంతే నీరు పోసి మొత్తం 50 మి.లీ. దగ్గరే ఉంచాలి. తర్వాత 5 మి.లీ. ఆమ్లం. అంటే ఫ్లాస్క్‌లో ఎప్పుడూ 55 మి.లీ. ఉంటుంది. ఇలా చేస్తే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ద్రావణం లోతు మారదు కాబట్టి గుర్తును కప్పడానికి కావలసిన గంధకం మారదు. ఆమ్లం గాఢత కూడా ప్రతిసారీ 0.18 మోలార్ దగ్గరే ఉంటుంది కాబట్టి మారేది థయోసల్ఫేట్ ఒక్కటే. నీరు పోయకుండా వట్టి 10 మి.లీ. థయోసల్ఫేట్ తీసుకుంటే గాఢత పెద్దగా తగ్గదు, లోతు మాత్రం పడిపోతుంది. అప్పుడు సమయం మారినా దానికి కారణం గాఢత అని చెప్పలేం.

చేసే వరుస ఇది:

1. థయోసల్ఫేట్, నీరు ఫ్లాస్క్‌లో పోసి కలపండి. ఉష్ణోగ్రత చూసి రాసుకోండి.
2. ఫ్లాస్క్‌ను గుర్తు మీద ఉంచండి. 5 మి.లీ. ఆమ్లం ఒక్కసారిగా పోసి, పోసిన క్షణంలోనే స్టాప్‌వాచ్ నొక్కండి.
3. ఫ్లాస్క్‌ను ఒకటి రెండుసార్లు గుండ్రంగా తిప్పి మళ్లీ గుర్తు మీద పెట్టండి. ఎన్నిసార్లు తిప్పారో అన్నిసార్లే ప్రతిసారీ తిప్పాలి.
4. నేరుగా పైనుంచి చూస్తూ, గుర్తు పూర్తిగా కనబడకుండా పోగానే ఆపండి.
5. వెంటనే ద్రావణాన్ని సోడియం కార్బొనేట్ ద్రావణం ఉన్న పెద్ద పాత్రలో పారబోయండి. అది మిగిలిన ఆమ్లాన్ని తటస్థం చేసి చర్యను ఆపుతుంది, సల్ఫర్ డయాక్సైడ్ రావడమూ ఆగుతుంది. ఫ్లాస్క్‌ను అప్పుడే కడగండి. ఆలస్యమైతే గాజుకు గంధకం పొరలా అంటుకుని, తర్వాతి కొలతలో గుర్తు ముందే మసకగా కనిపిస్తుంది.

సల్ఫర్ డయాక్సైడ్ ఊపిరితిత్తులను మండిస్తుంది. ఫ్లాస్క్ మూతి మీద ముఖం పెట్టి చూడకండి, కొంచెం ఎత్తు నుంచి చూడండి. కిటికీలు తెరిచి ఉండాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు సమయం రాసే పని తీసుకుని కొంచెం దూరంగా కూర్చోవడం మంచిది.

ప్రతి గాఢతకూ మూడుసార్లు చేసి సగటు తీయండి. ఒక కొలత తేడాగా వస్తే కొట్టివేయొద్దు. ఉదాహరణకు 30 మి.లీ. దగ్గర 40, 42, 51 సెకన్లు వచ్చాయనుకోండి. 51 ని పట్టికలో ఉంచి, చుట్టూ గీత గీసి, నాలుగోసారి చేయండి. అది 41 వస్తే, 51 ని సగటులో కలపలేదని, ఎందుకు కలపలేదో కూడా రాయండి.

అంకెలు, వాటి అర్థం

25 డిగ్రీల సెల్సియస్ దగ్గర చేసిన ఒక నమూనా పట్టిక తీసుకుందాం. అంకెలు లెక్క చూపించడానికి ఇస్తున్నవి. మీవి ఇలాగే రావాలని లేదు.

| థయోసల్ఫేట్ (మి.లీ.) | నీరు (మి.లీ.) | కలిపాక గాఢత (మోలార్) | సగటు సమయం t (సె.) | 1/t (సె⁻¹) |
|---|---|---|---|---|
| 50 | 0 | 0.136 | 24 | 0.0417 |
| 40 | 10 | 0.109 | 30 | 0.0333 |
| 30 | 20 | 0.082 | 41 | 0.0244 |
| 20 | 30 | 0.055 | 63 | 0.0159 |
| 10 | 40 | 0.027 | 138 | 0.0072 |

మూడో గడి దగ్గర చాలామంది పొరబడతారు. మొదటి వరుసలో నీరు కలపలేదు కదా అని 0.15 రాసేస్తారు. కానీ 5 మి.లీ. ఆమ్లం చేరాక పరిమాణం 55 అవుతుంది. కాబట్టి 50 × 0.15 ÷ 55 = 0.136. మిగతావన్నీ అదే పద్ధతిలో లెక్కించాలి.

గ్రాఫ్‌లో అడ్డంగా గాఢత, నిలువుగా 1/t తీసుకోండి. సమయాన్నే నిలువుగా తీసుకుంటే వంపు తిరిగిన గీత వస్తుంది, దాన్నుంచి ఏదీ తేల్చడం కష్టం. 1/t తో అయితే బిందువులు దాదాపు సరళరేఖ మీద పడతాయి, ఆ రేఖ మూలబిందువు వైపు వెళ్తుంది. అంటే వేగం థయోసల్ఫేట్ గాఢతకు అనులోమానుపాతంలో ఉంది. థయోసల్ఫేట్ పరంగా చర్య ఇంచుమించు ప్రథమ క్రమాంకం. దీన్ని సమీకరణంలో Na₂S₂O₃ ముందు 1 ఉంది కాబట్టి అని చెప్పకండి. క్రమాంకం ప్రయోగం నుంచే రావాలి. సమీకరణంలోని గుణకాల నుంచి దాన్ని ఊహించకూడదు.

ఇప్పుడు "దాదాపు" అన్న మాటను కొంచెం తరచి చూడండి. గాఢత అయిదో వంతుకు తగ్గితే 1/t కూడా అయిదో వంతుకు, అంటే 0.0083 కు తగ్గాలి. పట్టికలో 0.0072 ఉంది. చివరి బిందువు రేఖకు కొంచెం కింద పడింది. చాలా రిపోర్టుల్లో దీన్ని "మానవ తప్పిదం" అని వదిలేస్తారు. అది తప్పిదం కాదు, ఈ పద్ధతిలోనే ఉన్న పరిమితి. గుర్తును కప్పడానికి కావలసిన గంధకం ఎప్పుడూ ఒకటే అనుకున్నాం. మొదటి ఫ్లాస్క్‌లో ఆ గంధకం కోసం థయోసల్ఫేట్‌లో 6 శాతం ఖర్చయిందనుకుందాం. చివరి ఫ్లాస్క్‌లో ఉన్నది అందులో అయిదో వంతే కాబట్టి, అంతే గంధకానికి 30 శాతం ఖర్చవుతుంది. అంటే కొలత పూర్తయ్యేలోపే దాని గాఢత బాగా పడిపోయింది, చర్య దారిలోనే నెమ్మదించింది. మనం కొలిచింది ఆ మొత్తం సమయంలోని సగటు వేగం. రాసుకున్నది మాత్రం మొదట్లో ఉన్న గాఢత. అందుకే ఆ బిందువు కిందికి జారింది. ఈ రెండు మూడు వాక్యాలు చర్చ భాగంలో రాయగలిగితే, ప్రయోగం అర్థమైందని వేరే రుజువు అక్కర్లేదు.

జాగ్రత్తగా లెక్కవేసే విద్యార్థికి ఇంకో సందేహం వస్తుంది. మొదటి ఫ్లాస్క్‌లో థయోసల్ఫేట్ 7.5 మిల్లీమోల్‌లు. అదంతా చర్య జరపాలంటే ఆమ్లం 15 మిల్లీమోల్‌లు కావాలి, మనం పోసింది 10 మాత్రమే. మరి ఆమ్లం చాలదు కదా? చర్య చివరిదాకా జరగనిస్తే నిజంగానే చాలదు. కానీ గుర్తు మాయమయ్యేసరికి చర్య జరిగింది కొంత భాగమే కాబట్టి, ఆమ్లం గాఢత అప్పటికి పెద్దగా మారదు.

రెండో భాగం: ఉష్ణోగ్రత మార్చడం

ఇక్కడ 50 మి.లీ. థయోసల్ఫేట్ వాడితే వేడి చేసినప్పుడు గుర్తు కొన్ని సెకన్లలోనే పోతుంది, కొలవడం కుదరదు. అందుకే 10 మి.లీ. థయోసల్ఫేట్, 40 మి.లీ. నీరు ఉన్న పలచని మిశ్రమమే అన్ని ఉష్ణోగ్రతలకూ తీసుకోండి. 20, 30, 40, 50 డిగ్రీలు లక్ష్యంగా పెట్టుకోండి. 50 దాటవద్దు. అక్కడి నుంచి సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి వస్తుంది, సమయాలు కూడా మరీ చిన్నవైపోతాయి.

ఫ్లాస్క్‌ను నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీటి తొట్టెలో ఉంచి వేడి చేయండి. ఆమ్లాన్ని పరీక్షనాళికలో పోసి అదే తొట్టెలో పెట్టండి. వేడి థయోసల్ఫేట్‌లో చల్లని ఆమ్లం పోస్తే కలిపిన క్షణంలోనే ఉష్ణోగ్రత పడిపోతుంది. బయటికి తీశాక ఫ్లాస్క్ అడుగు పొడిగుడ్డతో తుడవండి, లేకపోతే తడి వల్ల కాగితం మీది గుర్తు చెదిరిపోతుంది. మంచునీటితో చల్లబరిచి చేసేటప్పుడు బయట పట్టే చెమ్మనూ ఇలాగే తుడవాలి. అది అచ్చం గంధకం మబ్బులా మోసం చేస్తుంది.

ఆమ్లం కలిపిన వెంటనే ఒకసారి, గుర్తు పోయాక ఒకసారి థర్మామీటర్ చూసి, రెండింటి సగటును చర్య ఉష్ణోగ్రతగా రాయండి. 50 దగ్గర మొదలైనది చివరికి 46 కు దిగితే మీ అంకె 48.

| సగటు ఉష్ణోగ్రత (°C) | t (సె.) | 1/t (సె⁻¹) |
|---|---|---|
| 20 | 194 | 0.00515 |
| 30 | 100 | 0.0100 |
| 39 | 56 | 0.0179 |
| 48 | 33 | 0.0303 |

20 నుంచి 30 కి వెళ్లేసరికి వేగం 1.94 రెట్లయింది. "10 డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపు" అన్న మాట ఇక్కడ బాగానే సరిపోయింది కానీ, దాన్ని సూత్రంలా రాయకండి. 39 నుంచి 48 కి 1.70 రెట్లే. ఆ తేడా 9 డిగ్రీలే కాబట్టి 10 కి సరిచేసినా 1.80 వస్తుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఈ నిష్పత్తి తగ్గుతూ ఉంటుంది.

కారణం రాసేటప్పుడు "వేడికి కణాలు వేగంగా కదిలి ఎక్కువసార్లు ఢీకొంటాయి" అని ఆపేస్తే సగం జవాబే అవుతుంది. కణాల సగటు వేగం కెల్విన్ ఉష్ణోగ్రత వర్గమూలానికి అనుపాతంలో పెరుగుతుంది. 293 నుంచి 303 కెల్విన్‌కు అది పెరిగేది సుమారు 1.7 శాతం మాత్రమే. అంత చిన్న పెరుగుదలతో చర్య రెట్టింపు కాదు. అసలు కారణం వేరే ఉంది. ఢీకొన్న ప్రతిసారీ చర్య జరగదు, ఉత్తేజన శక్తికి మించిన శక్తితో ఢీకొన్నప్పుడే జరుగుతుంది. అంత శక్తి ఉన్న కణాల వాటా ఉష్ణోగ్రతతో చాలా వేగంగా పెరుగుతుంది. గాఢత పెంచినప్పుడు మాత్రం ఈ వాటా మారదు, ఢీకొనే సార్లే పెరుగుతాయి. రెండు భాగాలకూ ఒకే వివరణ రాసేవాళ్లు ఈ తేడా దగ్గరే మార్కులు పోగొట్టుకుంటారు.

పై తరగతుల వాళ్లు ఇదే పట్టిక నుంచి ఉత్తేజన శక్తి కూడా తీయవచ్చు. ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చి, అడ్డంగా 1/T, నిలువుగా ln(1/t) గీస్తే కిందికి వాలే సరళరేఖ వస్తుంది. దాని వాలు −Eₐ/R. రేఖ రెండు చివరలూ తీసుకుందాం. 20 డిగ్రీల దగ్గర 1/T = 0.003411, ln(1/t) = −5.268. 48 డిగ్రీల దగ్గర 1/T = 0.003114, ln(1/t) = −3.497. వాలు సుమారు −5960 కెల్విన్. దాన్ని 8.314 తో గుణిస్తే Eₐ మోల్‌కు దాదాపు 50 కిలోజౌల్‌లు. సగటు తీయకుండా 48 బదులు 50 అనే రాసి ఉంటే జవాబు 46.5 వచ్చేది. థర్మామీటర్‌ను రెండోసారి చూడకపోతే వచ్చే నష్టం ఎంతో ఈ తేడాలో కనిపిస్తుంది.

రిపోర్ట్‌గా కూర్చడం

ఉద్దేశం, పరికల్పన, పరికరాలు, పద్ధతి, పట్టికలు, గ్రాఫ్‌లు, చర్చ, ముగింపు అన్న వరుస మీకు తెలిసిందే. పద్ధతిని జరిగిన పనిగా రాయండి: "50 మి.లీ. తీసుకోవాలి" కాదు, "తీసుకున్నాను". పరికల్పనలో వేగం పెరుగుతుందని చెప్పి ఊరుకోకుండా ఎంత పెరుగుతుందో కూడా ఊహించండి. "గాఢత రెట్టింపయితే 1/t రెట్టింపవుతుంది" అంటే పరీక్షించగలిగే మాట. పై పట్టికలో 20 నుంచి 40 మి.లీ. కి వెళ్తే 0.0159 నుంచి 0.0333, అంటే 2.1 రెట్లు. ఊహ నిలిచిందని అంకెతో చూపించవచ్చు.

ముగింపు చిన్నదిగా, పరిధితో ఉండాలి. ఇలా: "25 డిగ్రీల దగ్గర, 0.027 నుంచి 0.136 మోలార్ మధ్య, సాపేక్ష వేగం థయోసల్ఫేట్ గాఢతకు ఇంచుమించు అనులోమానుపాతంలో ఉంది. 20 నుంచి 48 డిగ్రీలకు సాపేక్ష వేగం 5.9 రెట్లు పెరిగింది." ఆమ్లం గాఢత గురించి ఏమీ చెప్పకండి. దాన్ని మనం మార్చి చూడలేదు.

దోషాల గురించి రాసేటప్పుడు అంకె వేయండి. గుర్తు పోయిందా లేదా అన్న సందిగ్ధం 2 సెకన్లు అనుకుంటే, 24 సెకన్ల కొలతలో అది 8 శాతం. 138 సెకన్ల కొలతలో మబ్బు నెమ్మదిగా కమ్ముకుంటుంది కాబట్టి సందిగ్ధం 5 సెకన్లు ఉండవచ్చు, అయినా అది 4 శాతం లోపే. అంటే ఎక్కువ గాఢత, ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఉన్న బిందువులనే తక్కువ నమ్మాలి. "స్టాప్‌వాచ్ ఆలస్యంగా నొక్కాను" అని రాయడం కంటే ఈ లెక్క ఎంతో మేలు. మెరుగుదలగా ఏదైనా సూచించాలంటే, కంటి స్థానంలో లైట్ సెన్సర్ పెట్టి, ఫ్లాస్క్ గుండా వచ్చే కాంతి ఒకే స్థాయికి పడిపోయే వరకు సమయం కొలవడం సరైన సూచన. దాంతో "గుర్తు పోయింది" అనే నిర్ణయం మనిషిని బట్టి మారదు. అయితే చివరి ఫ్లాస్క్‌లో థయోసల్ఫేట్ తగ్గిపోయే సమస్య సెన్సర్ పెట్టినంతమాత్రాన పోదు. దానికి కాంతి కొంచెం తగ్గగానే, అంటే చర్య మొదట్లోనే, సమయం ఆపాలి.